కిలో ఎంత పడింది?

సంతలో టమాటా నాలుగు చోట్ల నాలుగు ధరలు పలుకుతోంది. వేపచెట్టు కింద కూర్చున్న ఆవిడ "కిలో నలభై" అంటోంది. ఆ పక్క బండివాడు "పావు పన్నెండు, పావు పన్నెండు" అని అరుస్తున్నాడు. గోనెపట్టా మీద కుప్పలు పోసిన ముసలాయన తూకం మాటే ఎత్తడు, కుప్ప ఇరవై అంటాడు. ట్రాలీ ఆటో వెనక తలుపు దించి అమ్ముతున్న కుర్రాడు "మూడు కిలోలు వంద" అని మైకులో రికార్డు వేసి వదిలేశాడు. వీటిలో ఏది చవక?

ఈ ప్రశ్న అడిగింది ఓ అమ్మమ్మ. అడిగింది ఎనిమిదో తరగతి చదివే మనవరాలిని, ఐదో తరగతి మనవడిని. ఇది కథే. ఊరికీ మనుషులకీ పేర్లు పెట్టలేదు, ధరలు కూడా కథలోవే. అయితే వాళ్లు చేసిన లెక్కలు మాత్రం ఏ సంతలోనైనా పనికొస్తాయి. అరకులోయ శుక్రవారం సంతలోనైనా, తెలంగాణ పల్లెల్లో అంగడి అని పిలిచే చోటనైనా, హైదరాబాదు కాలనీల్లో వారానికో వీధిలో వెలిసే కూరగాయల బజారులోనైనా ధరలు చెప్పే తీరు ఇలాగే ఉంటుంది. ఒకరు కిలోల్లో, ఒకరు పావుల్లో, ఒకరు కుప్పల్లో, ఒకరు కట్టల్లో చెబుతారు. కొనేవాళ్లు అన్నిటినీ ఒక్క కొలతలోకి తెచ్చుకుంటే తప్ప ఏది ఎక్కువో ఏది తక్కువో తేలదు.

"పావు పన్నెండే చవక. పన్నెండంటే అన్నిటికంటే చిన్నది కదా," అన్నాడు మనవడు. చాలామంది పెద్దవాళ్ల చేత కూడా బండివాడు అనిపించుకోవాలనుకునే మాట అదే. నలభై అనే అంకె పక్కన పన్నెండు తేలిగ్గా కనిపిస్తుంది.

"కిలోకి ఎన్ని పావులురా?" అంది అమ్మమ్మ.

నాలుగు. నాలుగు పన్నెండ్లు నలభై ఎనిమిది. వేపచెట్టు కింది ధర కంటే కిలోకి ఎనిమిది రూపాయలు ఎక్కువ. వాడి ముఖం మారిపోయింది.

కుప్ప దగ్గర ఇంకో చిక్కు. దాని బరువెంతో తెలియదు. అమ్మమ్మ ఆ ముసలాయన్ని "ఒక్కసారి తూచి చూపించు తాతా, పిల్లలు లెక్క నేర్చుకుంటున్నారు" అని అడిగింది. ఆయన కాదనలేదు. పక్క దుకాణం కాటా మీద పెడితే 450 గ్రాములు వచ్చింది. మనవరాలు వెంటనే ఫోను కోసం చెయ్యి చాచింది, కాలిక్యులేటర్ తీద్దామని. అమ్మమ్మ వద్దంది. 450 గ్రాములు ఇరవై అయితే రెండు కుప్పలు 900 గ్రాములు నలభై. కిలో నిండాలంటే ఇంకో వంద గ్రాములు కావాలి, దానికో నాలుగైదు రూపాయలు. అంటే కిలో నలభై నాలుగు పైమాటే. ఖచ్చితంగా కడితే 44 రూపాయల 44 పైసలు. సంతలో నిలబడి బేరమాడేవాళ్లకి ఆ పైసలతో పని లేదు. నలభైకి అటా ఇటా అన్నది తెలిస్తే చాలు. బరువు ఎరిగినదాన్ని రెట్టింపు చేసుకుంటూ కిలో దగ్గరికి వెళ్లడం ఈ లెక్కలో కీలకం.

ఇక మిగిలింది మూడు కిలోలు వంద. కిలో ముప్పై మూడు రూపాయల చిల్లర. నాలుగింటిలో ఇదే తక్కువని పిల్లలిద్దరూ ఒప్పుకున్నారు. అమ్మమ్మ ఒప్పుకోలేదు. ఇంట్లో వారానికి టమాటా రెండు కిలోలకు మించి వాడరు. ఆ రకం బాగా పండిన కాయ, ఎండాకాలం, ఫ్రిజ్‌లో చోటు లేదు. మూడోది మెత్తబడి పారెయ్యాల్సి వస్తుంది. వంద రూపాయలిచ్చి రెండు కిలోలు తిన్నట్టు లెక్క, అంటే కిలో యాభై. చవకగా కనిపించినది నాలుగింటిలోకీ ఖరీదైంది. ఎదురింటివాళ్లతో కలిసి కొని పంచుకుంటే మాత్రం ముప్పై మూడే పడుతుంది. కాబట్టి ధర కట్టేటప్పుడు తెచ్చుకున్న బరువు కాదు, వాడుకున్న బరువు చూడాలి.

ఈ ఒక్క కొలతలోకి తెచ్చుకునే అలవాటు అమ్మమ్మకు వాళ్లమ్మ దగ్గర్నుంచి వచ్చింది. దానికో కారణం ఉంది. దేశంలో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లలో కిలో క్రమంగా బజార్లకు చేరింది. అంతకు ముందు ఆంధ్ర ప్రాంతంలో కూరగాయలు, బెల్లం, చింతపండు వీశల్లో తూచేవారు. వీశంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో దాదాపు 1400 గ్రాములు. ధాన్యం, పప్పులు కొలిచేవారు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. కిలో కొత్తగా వచ్చిన రోజుల్లో వీశ రూపాయికి అమ్మే సరుకును ఎవరైనా "కిలో ముప్పావలా" అంటే జనానికి తగ్గినట్టే అనిపించేది. లెక్క కడితే వీశకు రూపాయి అయిదు పైసలు పడుతుంది. తగ్గలేదు, పెరిగింది. అంకె చిన్నదైనంత మాత్రాన ధర తగ్గదని ఆ తరం వాళ్లకు కొలత మారినప్పుడు అనుభవంలోకి వచ్చింది. ఈ తరం పిల్లలకు అదే సంగతి పావుకిలో బండి దగ్గర ఎదురైంది.

కొలతల్లో ఇంకో మెలిక కూడా ఉంది. ఉడకబెట్టిన వేరుసెనక్కాయలు, రేగుపళ్లు ఇప్పటికీ డబ్బాతోనో గ్లాసుతోనో కొలిచి ఇస్తారు. డబ్బా అంచుకు సమానంగా పోస్తే ఒక ధర, పైకి గోపురంలా పోస్తే ఇంకో ధర అయినట్టే. అడుగు లోపలికి నొక్కుకుపోయిన డబ్బా ఉంటే ఆ మేరకు సరుకు తగ్గుతుంది. అమ్మమ్మ డబ్బా చేతిలోకి తీసుకుని అడుగు తడిమి చూస్తుంది. మాటేమీ అనదు.

టమాటాలు కిలో నలభైకే కొనాలని తేలాక ఆ ధరకు అమ్మేవాళ్లు ఇద్దరు కనిపించారు. వేపచెట్టు కిందావిడ రెండు రూపాయలు తగ్గించి ముప్పై ఎనిమిదికి ఇస్తానంది. ఎదురుగా ఉన్నావిడ "ధర తగ్గదు మామ్మగారూ, కొసరు వేస్తాను" అంది. కొసరంటే తూకం అయ్యాక పైన వేసే పిడికెడు. పిల్లలు రెండు రూపాయల తగ్గింపు వైపు మొగ్గారు. డబ్బు కంటికి కనిపిస్తుంది, కొసరు కనపడదు.

అమ్మమ్మ కొసరును కూడా రూపాయల్లోకి మార్చింది. కిలో నలభై అంటే వంద గ్రాములు నాలుగు రూపాయలు. ఆవిడ వేసే రెండు కాయలు సుమారు వంద గ్రాములుంటాయి. అంటే నాలుగు రూపాయల సరుకు. రెండు రూపాయల తగ్గింపు కంటే ఇదే మేలు. అయితే ఇక్కడ ఆవిడ మనవరాలికి ఒక పని అప్పజెప్పింది. కొసరు వేసేటప్పుడు చేతి వంక చూడాలి. కొంతమంది కొసరుకని మెత్తబడిన కాయలు వేరే పక్కన పెట్టుకుంటారు. రెండింటిలో ఒకటి చితికినదైతే కొసరు విలువ రెండు రూపాయలకు దిగుతుంది, అప్పుడు రెండు బేరాలూ సమానమే. ఆ రోజు పడిన కాయలు రెండూ గట్టివే.

ధర పోల్చడంలో ఎంత జాగ్రత్తపడ్డా తూకం తేడా అయితే అంతా వృథా. సంతల్లో ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చినా చేత్తో ఎత్తిపట్టే తక్కెడలు ఇంకా ఉన్నాయి. చాలామంది ఖాళీ సిబ్బెలు సమానంగా నిలబడ్డాయా లేదా అన్నది ఒక్కటే చూస్తారు. అది చాలదు. దండెం రెండు చేతులూ ఒకే పొడవు లేకపోయినా, ఒక సిబ్బెను కాస్త బరువుగా చేస్తే ఖాళీ తక్కెడ సమంగానే నిలుస్తుంది. సరుకు వైపు చెయ్యి 30 సెంటీమీటర్లు, గుండు వైపు 28.5 సెంటీమీటర్లు ఉందనుకుందాం. ఒకటిన్నర సెంటీమీటరు తేడా గుంపులో ఎవరి కంటికీ ఆనదు. కానీ ఆ తక్కెడలో కిలో గుండుకు 950 గ్రాముల సరుకే సరితూగుతుంది. కిలో నలభై అన్న ధర నలభై రెండు అయిపోతుంది.

దీన్ని పట్టుకోవడానికి పరికరం అక్కర్లేదు. తూచిన సరుకును గుండు ఉన్న సిబ్బెలోకి, గుండును సరుకు ఉన్న సిబ్బెలోకి మార్చమనాలి. తక్కెడ నిజమైనదైతే మార్చినా సమంగా నిలుస్తుంది. చేతుల్లో తేడా ఉంటే సరుకు వైపు గభాల్న పైకి లేస్తుంది, ఎందుకంటే తక్కువున్న సరుకు ఇప్పుడు పొట్టి చేతికి వచ్చింది. అమ్మమ్మ ఇలా మార్చమన్నప్పుడు ఆ దుకాణంలోని తక్కెడ సరిగ్గానే నిలిచింది. తేడా వచ్చినంత మాత్రాన మోసమని అనుకోకూడదని కూడా ఆవిడ పిల్లలకు చెప్పింది. ఏళ్ల తరబడి వాడిన తక్కెడలో తాడు ముడి జారుతుంది, కొక్కెం అరుగుతుంది. అమ్మేవాళ్లకే ఆ సంగతి తెలియకపోవచ్చు.

గుండ్ల సంగతికొస్తే, ఇనప గుండు అడుగున గుంటలో సీసం నింపి దాని మీద తూనికల శాఖ ముద్ర వేస్తారు. ఆ సీసం ఊడిపోతే గుండు తేలికవుతుంది. చట్టం ప్రకారం గుండ్లకూ తక్కెడలకూ రెండేళ్లకోసారి, ఎలక్ట్రానిక్ కాటాలకు ఏడాదికోసారి తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలి. ఎలక్ట్రానిక్ కాటా మీద అనుమానం వస్తే మనవరాలి సంచిలో ఉన్న సీలు తీయని లీటరు నీళ్ల సీసా చాలు. లీటరు నీళ్లు కిలో బరువుంటాయి, ప్లాస్టిక్ సీసాతో కలిపి కిలోకు ఓ రవ్వ ఎక్కువ చూపాలి. 1100 చూపిందంటే సీసా తప్పు కాదు.

ఆ రోజు పాఠంలో అన్నిటికంటే ఎక్కువ సేపు పట్టింది చింతపండు దగ్గర.

గింజ చింతపండు కిలో 110, గింజ తీసింది కిలో 170. ఇక్కడ రెండు ధరలూ కిలోకే చెప్పారు, కొలత ఒకటే. కాబట్టి గింజ చింతపండే చవకని పిల్లలు ధీమాగా చెప్పారు. కానీ పులుసులో పడేది గుజ్జు. గింజలూ ఈనెలూ పారేస్తాం. రెండు కిలోల్లో గుజ్జు ఎంతుందో తెలిస్తే గాని పోలిక కుదరదు. అమ్మమ్మ ముందు వారమే పావుకిలో గింజ చింతపండు కొని, ఇంటి దగ్గర పిల్లల చేత గింజలూ ఈనెలూ తీయించింది. ఎందుకు తీయిస్తోందో అప్పుడు చెప్పలేదు. పచారీ కొట్లో మళ్లీ తూయిస్తే గుజ్జు 150 గ్రాములు మిగిలింది. అంటే పదింట ఆరు పాళ్లు గుజ్జు, నాలుగు పాళ్లు వృథా.

ఇప్పుడు లెక్క నడిచింది. కిలో గింజ చింతపండులో 600 గ్రాముల గుజ్జు వస్తుంది, దానికి 110 రూపాయలు. 600 గ్రాములు 110 అయితే వంద గ్రాములు పద్దెనిమిది రూపాయల చిల్లర, కిలో గుజ్జు సుమారు 183. గింజ తీసిన చింతపండు 170కే దొరుకుతోంది. పైగా గింజలు తీసే చాకిరీ లేదు. పిల్లల వేళ్లకు పోయిన వారం అంటిన జిగురు ఇంకా గుర్తుంది కాబట్టి ఆ చాకిరీ ఎంతో వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

మనవరాలు ఇంకో అడుగు ముందుకేసింది. గింజది ఎంతకు దొరికితే కొనొచ్చు? గింజ తీసినదాని ధరలో పదింట ఆరు పాళ్లు. 170లో ఆరు పాళ్లు 102. గింజ చింతపండు 102 కంటే తగ్గితే అది లాభం, అది కూడా చేతిలో తీరిక ఉంటేనే. ఈ ఒక్క అంకె మనసులో పెట్టుకుంటే ఆ సీజనంతా ప్రతి కొట్టు దగ్గరా ఆగి కొత్తగా లెక్క కట్టనక్కర్లేదు.

ఈ ఆరు పాళ్లు రాతి మీద రాత కాదు. చెట్టును బట్టి కాయ మారుతుంది, కొన్నిటికి గుజ్జు మందం, కొన్నిటికి గింజలు లావు. చింతపండు వ్యాపారానికి పేరున్న హిందూపురం మార్కెట్ యార్డులో కరిపులి, ప్లవర్ అని రకాల పేర్లతో వేరు వేరు ధరలు పలకడం వెనక ఇలాంటి తేడాలే ఉంటాయి. గింజ తీసిన దాంట్లో కూడా మోసపోయే వీలుంది. బరువు పెరగాలని నీళ్లు చిలకరిస్తే చింతపండు ముద్ద చేతికి తడిగా, జారుడుగా తగులుతుంది. ఆరింది అలా ఉండదు, జిగురుగా అంటుకుంటుంది. లోపల ఈనెలు దాగున్నాయేమో ముద్దను విప్పి చూడాలి. తొందరపడి పైన మెరిసే ముద్దనే నమ్మితే నీళ్లకు 170 రూపాయలు ఇచ్చినట్టవుతుంది.

పచ్చి బఠాణీ, అనపకాయలు, మొక్కజొన్న కంకులు, పనసపండు, అన్నిటికీ ఇదే తూకం వర్తిస్తుంది. తొక్కతో ఉన్నదానికి ఒక ధర, ఒలిచినదానికి ఒక ధర ఉన్న ప్రతి చోటా ఒకసారి ఇంట్లో ఒలిచి తూస్తే ఆ ఇంటికి ఒక అంకె దొరుకుతుంది.

అన్నిటినీ మాత్రం అమ్మమ్మ ఇలా తూచలేదు. సంత చివర్లో నేల మీద కూర్చుని తోటకూర, గోంగూర కట్టలు అమ్ముతున్న ఆవిడ దగ్గర అడిగిన ధరకే కొంది. మనవడికి అది అర్థం కాలేదు. ఇంతసేపూ లెక్కలన్నీ కట్టించి ఇక్కడ ఊరుకుందేమిటని అడిగాడు. ఆ కట్టల వేళ్లకు మట్టి ఇంకా తడిగా ఉంది, అంటే ఆ పొద్దున్నే పీకినవి. పెద్ద కట్ట వాడిపోయి సగం ఆకు పారేసేకంటే ఈ చిన్న కట్టలే ఎక్కువ కూర ఇస్తాయి. ఇది కూడా పోలికే. ఇక్కడ తూచేది ఆకు తాజాదనం. దీనికి కాటా లేదు, వేలితో కాడ విరిచి చూడటమే. పుటుక్కున విరిగితే తాజా, వంగితే నిన్నటిది.

తిరుగుదారిలో కిరాణా దుకాణం ముందు మనవరాలు తనంతట తాను ఆగింది. బట్టల సబ్బుపొడి కొనాలి. పది రూపాయల చిన్న ప్యాకెట్లో 80 గ్రాములు. 195 రూపాయల పెద్ద ప్యాకెట్లో కిలోన్నర. పెద్దదే చవకై ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. ప్యాకెట్ల నిబంధనలను 2021లో సవరించాక తయారీదారులు గరిష్ఠ చిల్లర ధరతో పాటు యూనిట్ ధర కూడా ముద్రించాల్సి వచ్చింది. కిలో లోపు ప్యాకెట్ల మీద గ్రాముకు, కిలో దాటితే కిలోకు ఎంతో ఉంటుంది. ఇది కొనేవాళ్లకు ఎంతో మేలు చేసిన మార్పు, కానీ వాడటం తెలియాలి. పెద్ద ప్యాకెట్ మీద కిలోకు 130 అని ఉంది. చిన్నదాని మీద గ్రాముకు 0.13 అని ఉంది. వెయ్యితో గుణిస్తే అదీ 130. రెండూ సమానమేనా?

కాదు. పది రూపాయలను 80తో భాగిస్తే గ్రాముకు 0.125 వస్తుంది. ముద్రించేటప్పుడు రెండు దశాంశ స్థానాలకు సవరిస్తారు కాబట్టి అది 0.13 అయింది. అసలు లెక్కలో చిన్న ప్యాకెట్ కిలో 125కే పడుతుంది, పెద్దదానికంటే ఐదు రూపాయలు తక్కువ. గ్రాముకు పైసా తేడా అంటే కిలోకు పది రూపాయల తేడా. అందువల్ల చిన్న ప్యాకెట్ల మీది యూనిట్ ధర కిలోకు ఐదు రూపాయల వరకు అటూ ఇటూ కావచ్చు. రెండు అంకెలు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు ముద్రించినదాన్ని వదిలి అసలు ధరను అసలు బరువుతో భాగించడమే దారి. ఈసారి అమ్మమ్మ ఫోను తీయనిచ్చింది.

ఇంటికి వచ్చాక పాత నోటుబుక్కులో గీతలు గీసి ఐదు గళ్లు పెట్టారు. తేదీ, సరుకు, చెప్పిన ధర, కిలోకు పడిన ధర, పారేసినది ఎంత. చివరి గడి మనవడు పెట్టమన్నాడు. ఒకే రోజు నాలుగు కొట్లు పోల్చడం ఒక ఎత్తు, వారాల మధ్య పోల్చడం ఇంకో ఎత్తు. 2023 జూలై చివర్లో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో 150 రూపాయలు దాటింది. అదే ఏడాది సెప్టెంబరులో రాయలసీమలో రైతులు గిట్టుబాటు కాక పారబోశారు. అలాంటి ఏడాదిలో నిన్నటి సంత ధర గుర్తుంటే సరిపోదు, ఆరు వారాల వరస కావాలి. దగ్గర్లో రైతుబజారు ఉంటే ఆ రోజు బోర్డు మీది ధర కూడా ఓ పక్కన రాసుకోవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరిలో మొదలైన ఆ బజార్లలో ధరలు బోర్డు మీద రాసి పెడతారు. సంతలో ఎవరు ఎంత చెప్పినా ముందుగా ఒక అంచనా ఉంటుంది.

మొదటి పేజీలో ఆ రోజు ఐదు వరసలు నిండాయి. టమాటా 36 చిల్లర, కొసరు కలుపుకుని. చింతపండు 170. గోంగూర ఎదురుగా కిలో గడి ఖాళీ వదిలేసి, "కట్ట 10, తాజా" అని రాశారు. సబ్బుపొడి 125. ఐదో వరసలో మనవడు ఉడకబెట్టిన వేరుసెనక్కాయలు రాశాడు, డబ్బా ఇరవై. పొట్టుతో తూచాలా, పొట్టు తీసి తూచాలా అని వాడికి అనుమానం వచ్చింది. తూచేలోగా అక్క తినేసిందని ఫిర్యాదు చేశాడు. వచ్చే వారం ఇంకో డబ్బా కొనేందుకు అమ్మమ్మ ఒప్పుకుంది.